తాలు కాయను పట్టిచ్చే కోణం: ఆర్‌జీబీ నుంచి హెచ్‌ఎస్‌ఐకి ఒక పిక్సెల్ మార్పిడి

మిరప కల్లంలో ఆరబోసిన రాశిలో ఎర్రని కాయలతో పాటు తెల్లబారిన, గడ్డి రంగుకు తిరిగిన కాయలు కొన్ని కనిపిస్తాయి. వీటినే రైతులు, వ్యాపారులు తాలు కాయలంటారు. కాయకుళ్ళు తెగులు సోకినా, ఆరే దశలో వాన తగిలినా తాలు పెరుగుతుంది. సాధారణంగా కూలీలు తాలును చేతితో ఏరి వేరు చేస్తారు. తాలు కలిసిన రాశికి మంచి ధర పలకదు. అందువల్ల ఒక రాశిలో తాలు ఎంత శాతం ఉన్నదనేది రైతుకు, కొనుగోలుదారునికి మధ్య వాదానికి దారితీసే అంశం. కంటి అంచనాకు బదులు ఒక ఫొటో తీసి, అందులో తాలు కాయల పిక్సెళ్ళను లెక్కించగలిగితే ఈ వాదానికి ఒక కొలమానం దొరుకుతుంది.

ఫొటోలోని పిక్సెళ్ళను ఈ విధంగా వస్తువుల వారీగా వేరు చేయడాన్నే చిత్ర విభజన లేదా సెగ్మెంటేషన్ అంటారు. తాలు, ఎర్రకాయల మధ్య భేదం రంగులోనే ఉన్నది కనుక ఈ పని సులభమని మొదట తోస్తుంది. ఎరుపు విలువ ఎక్కువ ఉన్న పిక్సెల్ ఎర్రకాయ, తక్కువ ఉన్నది తాలు అని హద్దు గీస్తే సరిపోతుందని విద్యార్థులు చాలామంది భావిస్తారు. ఈ ఊహ మొదటి ఫొటోతోనే తప్పని తేలుతుంది. అది ఎందుకు తప్పుతుందో, హ్యూ అనే ఒక్క కోణం ఆ లోపాన్ని ఎలా సరిదిద్దుతుందో, ఆ కోణం సైతం ఎక్కడ మోసగిస్తుందో ఈ వ్యాసంలో పరిశీలిద్దాం.

ఆర్‌జీబీ ఘనం, దాని మూల రేఖ

కెమెరా ప్రతి పిక్సెల్‌కు ఎరుపు, ఆకుపచ్చ, నీలం అనే మూడు అంకెలను ఇస్తుంది. 8 బిట్ల చిత్రంలో ఒక్కొక్కటి 0 నుంచి 255 వరకు ఉంటుంది. ఈ మూడింటిని మూడు అక్షాలుగా తీసుకుంటే రంగులన్నీ ఒక ఘనంలో ఇముడుతాయి. ఒక మూలన నలుపు, దానికి ఎదురు మూలన తెలుపు ఉంటాయి. ఈ రెంటినీ కలిపే కర్ణం మీద మూడు అంకెలూ సమానం కనుక అక్కడ బూడిద రంగులు మాత్రమే ఉంటాయి.

హెచ్‌ఎస్‌ఐ నమూనా కొత్త రంగులను సృష్టించదు. అదే ఘనాన్ని ఆ కర్ణం మీద నిలబెట్టి చూస్తుంది. కర్ణం వెంబడి నలుపు నుంచి ఎంత ఎత్తులో ఉన్నామో తెలిపేది తీవ్రత. బూడిద రేఖ నుంచి ఎంత దూరం జరిగామో తెలిపేది సంతృప్తత. ఎరుపు దిశ నుంచి మొదలుపెట్టి ఆ రేఖ చుట్టూ ఎంత కోణం తిరిగామో తెలిపేది హ్యూ. శుద్ధమైన ఎరుపు 0 డిగ్రీల వద్ద, ఆకుపచ్చ 120 వద్ద, నీలం 240 వద్ద ఉంటాయి. ఒక పుస్తకాన్ని నిలబెట్టి పుటలన్నీ చుట్టూ విప్పారేలా తెరిచామనుకోండి. వెన్ను బూడిద రేఖ. ఒక్కొక్క పుట ఒక్కొక్క హ్యూ. ఈ పోలిక తరువాత మళ్ళీ పనికి వస్తుంది.

ఒక పిక్సెల్ లెక్క

ఎండలో ఉన్న ఎర్రకాయ పిక్సెల్ విలువలు 150, 50, 30 అనుకుందాం. ఇవి లెక్కకు తేలికగా ఉండేలా ఎంచుకున్న ఉదాహరణ విలువలు. మార్పిడి సూత్రాలు ఇవి.

```
I = (R + G + B) / 3
S = 1 − 3·min(R, G, B) / (R + G + B)
θ = arccos{ ½[(R−G) + (R−B)] / √[(R−G)² + (R−B)(G−B)] }
H = θ          (B ≤ G అయినప్పుడు)
H = 360° − θ   (B > G అయినప్పుడు)
```

మూడు విలువల మొత్తం 230. కనుక తీవ్రత 230 ÷ 3 = 76.7. 0 నుంచి 1 వరకు గల కొలతలో చెప్పాలంటే దీనిని 255తో భాగించాలి. అప్పుడు 0.30 వస్తుంది. మూడింటిలో కనిష్ఠం నీలం, 30. కనుక సంతృప్తత 1 − 90/230 = 0.61.

హ్యూకు కావలసినవి విలువలు కావు, వాటి మధ్య తేడాలు. ఎరుపు నుంచి ఆకుపచ్చను తీసివేస్తే 100, ఎరుపు నుంచి నీలాన్ని తీసివేస్తే 120, ఆకుపచ్చ నుంచి నీలాన్ని తీసివేస్తే 20. లవం ఈ తేడాలలో మొదటి రెండింటి సగటు, అంటే 110. హారంలో 100 వర్గం 10000, దానికి 120 × 20 = 2400 కలిపితే 12400. దీని వర్గమూలం 111.36. భాగఫలం 0.9878. ఇది 8.9 డిగ్రీల కోణపు కొసైన్. నీలం ఆకుపచ్చ కంటే తక్కువ కనుక 360 నుంచి తీసివేయనక్కరలేదు. హ్యూ 8.9 డిగ్రీలు. అంటే ఇది శుద్ధమైన ఎరుపు నుంచి నారింజ వైపు స్వల్పంగా ఒరిగిన రంగు.

లెక్క సరిచూసుకోవడానికి వెనక్కు మార్చి చూడడం మంచి అలవాటు. హ్యూ 0 నుంచి 120 డిగ్రీల లోపు ఉన్నప్పుడు నీలం `I(1 − S)`, ఎరుపు `I[1 + S·cos H / cos(60° − H)]`, మిగిలినది ఆకుపచ్చ. మన పిక్సెల్‌కు నీలం 76.67 × 0.3913 = 30 వస్తుంది. కొసైన్ల నిష్పత్తి 1.571, దానిని 0.6087తో గుణిస్తే 0.956. కనుక ఎరుపు 76.67 × 1.956 = 150. మొత్తం 230 నుంచి ఈ రెండూ తీసివేస్తే ఆకుపచ్చ 50. బయలుదేరిన చోటికే చేరాము.

నీడ, మెరుపు చేసే పని

ఇప్పుడు అదే కాయ కుప్పలో మరొక కాయ నీడన పడిందనుకుందాం. వెలుగు తగ్గి మూడు అంకెలూ సగమైతే పిక్సెల్ 75, 25, 15 అవుతుంది. మరొక చోట కాయ నున్నని తోలు మీద సూర్యకాంతి మెరిసిందనుకుందాం. ఆ మెరుపు కాయ రంగు కాదు, తెల్లని వెలుగు తోలు మీద తగిలి నేరుగా కెమెరాలోకి రావడం. కనుక అది మూడు అంకెలకూ దాదాపు సమానంగా కలుస్తుంది. 60 చొప్పున కలిపితే పిక్సెల్ 210, 110, 90 అవుతుంది. వీటి పక్కన ఒక తాలు కాయను కూడా ఎండలోను, నీడలోను ఉంచి చూద్దాం.

| పిక్సెల్ | ఎరుపు | ఆకుపచ్చ | నీలం | తీవ్రత | సంతృప్తత | హ్యూ |
|---|---|---|---|---|---|---|
| ఎర్రకాయ, ఎండలో | 150 | 50 | 30 | 76.7 | 0.61 | 8.9° |
| ఎర్రకాయ, నీడలో | 75 | 25 | 15 | 38.3 | 0.61 | 8.9° |
| ఎర్రకాయ, మెరుపు చోట | 210 | 110 | 90 | 136.7 | 0.34 | 8.9° |
| తాలు కాయ, ఎండలో | 200 | 170 | 110 | 160 | 0.31 | 40.9° |
| తాలు కాయ, నీడలో | 100 | 85 | 55 | 80 | 0.31 | 40.9° |

ఎరుపు నిలువు వరుసను చూడండి. ఎర్రకాయకు 75, 150, 210. తాలుకు 100, 200. వీటి మధ్య ఎక్కడ హద్దు గీసినా ఏదో ఒక కాయ తప్పు పక్కన పడుతుంది. ఆకుపచ్చ, నీలం వరుసలలోనూ, తీవ్రతలోనూ ఇదే పరిస్థితి. సంతృప్తతలో 0.34కు, 0.31కు మధ్య ఒక సన్నని సందు ఉన్నది కాని, మెరుపు మరికొంత పెరిగితే అది కూడా మూసుకుపోతుంది. హ్యూ వరుసలో మాత్రం 9 ఒకవైపు, 41 ఒకవైపు నిలిచాయి. 25 డిగ్రీల వద్ద గీత గీస్తే ఐదు పిక్సెళ్ళూ సరైన పక్కకు చేరతాయి.

ఇది ఎంచుకున్న అంకెల వల్ల కలిగిన యాదృచ్ఛిక ఫలితం కాదు. సూత్రంలో లవ హారాలు రెండూ తేడాలతోనే నిర్మితమైనవి. మూడు విలువలకూ ఒకే అంకె కలిపితే తేడాలు మారవు, కనుక మెరుపు హ్యూను కదిలించలేదు. మూడింటినీ ఒకే అంకెతో గుణిస్తే లవ హారాలు రెండూ అదే నిష్పత్తిలో మారి కొట్టివేయబడతాయి, కనుక నీడ కూడా దానిని కదిలించలేదు. పుస్తకం పోలికలో చెప్పాలంటే నీడ పిక్సెల్‌ను నలుపు మూల వైపు లాగుతుంది, మెరుపు వెన్నుకు సమాంతరంగా పైకి నెడుతుంది. రెండు కదలికలూ అదే పుట మీద జరుగుతాయి. పుట మారాలంటే వస్తువు రంగు మారాలి, లేదా దాని మీద పడే వెలుగు రంగు మారాలి. సెగ్మెంటేషన్‌లో హ్యూకు ప్రాధాన్యం లభించడానికి కారణం ఇదే.

ఇక్కడ ఒక చిన్న సవరణ అవసరం. కెమెరా ఇచ్చే సాధారణ చిత్రంలో అంకెలు వెలుగుకు సరళ అనుపాతంలో ఉండవు. గామా సవరణ వల్ల వెలుగు సగమైతే అంకె సగం కాదు, దాదాపు 0.73 వంతు అవుతుంది. గుణకం మూడింటికీ ఒకటే కనుక నీడ విషయంలో పై వాదం దాదాపు నిలుస్తుంది. మెరుపు విషయంలో మాత్రం అది కచ్చితం కాదు. గామాను తొలగించి లెక్కిస్తేనే కూడిక సరిగా కొట్టివేయబడుతుంది.

ఎరుపు దగ్గరి చిక్కు

మిరపకు హ్యూ వాడేవారు తప్పక ఎదుర్కొనే చిక్కు ఒకటున్నది. ఎరుపు కోణాల వలయం మొదలయ్యే చోటనే ఉన్నది, ముగిసే చోటనే ఉన్నది. ముదురు ఎరుపు కాయలో నీలం విలువ ఆకుపచ్చను కొద్దిగా మించవచ్చు. 120, 30, 36 విలువలు గల పిక్సెల్‌ను తీసుకోండి. పై సూత్రంతో కోణం 3.4 డిగ్రీలు వస్తుంది. కాని నీలం ఎక్కువ కనుక హ్యూ 356.6 అవుతుంది. కంటికి ఇది మొదటి కాయకు అక్కచెల్లెలే. అంకెలలో మాత్రం ఒకటి 8.9, మరొకటి 356.6. ‘25 కంటే తక్కువైతే ఎర్రకాయ’ అనే నియమం రెండో కాయను వదిలివేస్తుంది. ఈ రెంటికీ మామూలు సగటు తీస్తే 182.8 వస్తుంది. అది ఆకుపచ్చ, నీలాల నడిమి రంగు. మిరప కల్లంలో ఆ రంగు కాయ ఎవరూ చూసి ఉండరు.

హ్యూ పంపిణీ చిత్రం గీసినప్పుడు ఎడమ అంచున ఒక శిఖరం, కుడి అంచున ఒక శిఖరం కనిపిస్తే ఈ చిక్కు ఉన్నట్లే. హ్యూకు 180 కలిపి 360తో భాగించిన శేషాన్ని వాడితే రెండు శిఖరాలూ నడుమకు వచ్చి ఒకటవుతాయి. మన రెండు కాయలు 188.9, 176.6 అవుతాయి. వీటి సగటు 182.75, అందులోంచి 180 తీసివేస్తే 2.75 డిగ్రీలు. ఇది సరైన జవాబు. హద్దు గీత కూడా 25 నుంచి 205కు జరపాలని మరువరాదు.

హ్యూ నమ్మదగనిచోట్లు

వెన్నుకు ఆనుకున్న చోట పుటలన్నీ కలిసిపోతాయి. బూడిద రంగు పిక్సెల్‌లో మూడు తేడాలూ సున్న కనుక సూత్రం సున్న భాగించు సున్న అవుతుంది. సున్నకు దగ్గరగా ఉన్నా ప్రమాదమే. సిమెంటు గచ్చు మీది పిక్సెల్ 102, 100, 99 అయితే హ్యూ 19 డిగ్రీలు. కెమెరా రొదతో ఒకటి రెండు అంకెలు మారి 100, 102, 99 అయితే 101 డిగ్రీలు. 99, 100, 102 అయితే 221 డిగ్రీలు. గచ్చు మారలేదు. హ్యూ మాత్రం వలయంలో సగానికి పైగా తిరిగింది. చిక్కని నీడలోని పిక్సెళ్ళు ఇంకొక విధంగా మోసగిస్తాయి. 6, 2, 1 పిక్సెల్ సంతృప్తత 0.67, అంటే ఎండలోని ఎర్రకాయ కంటే ఎక్కువ. కాని అది దాదాపు నలుపు. అందులో ఒక్క అంకె అటూ ఇటూ మారి 5, 3, 1 అయితే హ్యూ 11 నుంచి 30 డిగ్రీలకు దూకి గీత దాటుతుంది.

కనుక హ్యూను అడిగే ముందు పిక్సెల్‌కు హ్యూ చెప్పే అర్హత ఉన్నదా అని చూడాలి. సంతృప్తత 0.10 కంటే తక్కువైనవి, తీవ్రత 20 కంటే తక్కువైనవి ముందుగానే పక్కన పెట్టడం ఈ ఉదాహరణకు సరిపోతుంది. సొంత చిత్రాలకు ఈ హద్దులను నమూనా చూసి నిర్ణయించుకోవాలి.

ఎక్కువ వెలుగు మరింత చెరుపు చేస్తుంది, అది అంత తేలికగా కంటబడదు. కెమెరా 255 దాటి చూపలేదు. మన మొదటి పిక్సెల్ మీద వెలుగు రెట్టింపైతే 300, 100, 60 కావాలి. ఎరుపు 255 వద్ద ఆగిపోతుంది, మిగిలిన రెండూ పెరుగుతాయి. హ్యూ 11.2 అవుతుంది. వెలుగు నాలుగింతలైతే ఎరుపు 255, ఆకుపచ్చ 200, నీలం 120. హ్యూ 36.1. అంటే మంచి ఎర్రకాయ లెక్కలో తాలు అయింది. మిట్టమధ్యాహ్నం తీసిన ఫొటోలో తాలు శాతం అకస్మాత్తుగా పెరిగితే ముందు అనుమానించవలసినది కాయలను కాదు, ఎక్స్‌పోజర్‌ను. ఈ పొరపాటు నష్టం నేరుగా రైతు మీద పడుతుంది. ఫొటో కొంచెం చీకటిగా ఉన్నా ఫరవాలేదు కాని ఏ రంగూ 250 దాటకుండా ఎక్స్‌పోజర్ తగ్గించి తీయాలి. దాటిన పిక్సెళ్ళను లెక్కనుంచి తొలగించాలి.

ఇక వెలుగు రంగు. ఆరుబయట నీడ అంటే వెలుగు లేకపోవడం కాదు, సూర్యుని వెలుగు పోయి నీలాకాశపు వెలుగు మిగలడం. కనుక అక్కడ మూడు అంకెలూ ఒకే నిష్పత్తిలో తగ్గవు, నీలం తక్కువ తగ్గుతుంది. ఎరుపు 0.45, ఆకుపచ్చ 0.50, నీలం 0.65 వంతులకు తగ్గాయనుకుంటే ఎర్రకాయ హ్యూ 8.9 నుంచి 6.0కు, తాలు హ్యూ 40.9 నుంచి 44.9కు జరుగుతుంది. ఇక్కడ గీత 25 కనుక ఇబ్బంది లేదు. కాని తాలు సంతృప్తత 0.31 నుంచి 0.13కు పడిపోయిందని గమనించాలి. సంతృప్తత హద్దును 0.15 వద్ద పెట్టి ఉంటే నీడలోని తాలు అంతా లెక్క తప్పిపోయేది. పలుచని మొక్కల మధ్య లేత పసుపు, లేత ఆకుపచ్చలను వేరు చేయవలసిన పనిలో ఈ నాలుగైదు డిగ్రీలే ఫలితాన్ని తారుమారు చేయగలవు. ప్రతి ఫొటోలో ఒక బూడిద రంగు కార్డును ఉంచి, దాని మూడు విలువలు సమానమయ్యేలా చిత్రాన్ని సవరించడం తగిన జాగ్రత్త.

కంప్యూటర్‌లో

కోణాన్ని కొసైన్ బదులు టాంజెంట్ ద్వారా లెక్కిస్తే 360 నుంచి తీసివేసే షరతు తప్పుతుంది. ఫలితం అదే.

```python
from math import atan2, sqrt, degrees

def rgb_to_hsi(R, G, B):
    R, G, B = float(R), float(G), float(B)
    I = (R + G + B) / 3
    S = 1 - min(R, G, B) / I if I > 0 else 0.0
    H = degrees(atan2(sqrt(3) * (G - B), 2*R - G - B)) % 360
    return H, S, I
```

మొదటి వరుసలోని `float` అలంకారం కాదు. చిత్రం చదివినప్పుడు విలువలు `uint8` రూపంలో ఉంటాయి. ఆ రూపంలో 30 నుంచి 36 తీసివేస్తే −6 రాదు, 250 వస్తుంది. 210, 110, 90 కలిపితే 410 రాదు, 154 వస్తుంది. మెరుపు చోట కాయ తీవ్రత 51గా కనబడితే కారణం ఇదేనని గుర్తించాలి.

ఓపెన్‌సీవీ వాడేవారికి మరో హెచ్చరిక. అందులో ఉన్నది హెచ్‌ఎస్‌వీ, హెచ్‌ఎస్‌ఐ కాదు. రెండింటిలో హ్యూ ఆలోచన ఒకటే కాని లెక్కించే తీరు కొద్దిగా వేరు. మన పిక్సెల్‌కు హెచ్‌ఎస్‌వీ హ్యూ 60 × 20/120 = 10 డిగ్రీలు. పైగా 8 బిట్లలో ఇమడడానికి దానిని సగం చేసి 0 నుంచి 179 వరకు మాత్రమే దాస్తుంది, కనుక తెర మీద 5 కనిపిస్తుంది. చిత్రం చదివేటప్పుడు రంగుల వరుస కూడా నీలం, ఆకుపచ్చ, ఎరుపుగా ఉంటుంది. ఒక పరిశోధనా పత్రంలోని హద్దును మరొక ప్రోగ్రాంలో వాడేముందు ఈ మూడూ చూసుకోవాలి.

నేపథ్యం ఎంపిక సాఫ్ట్‌వేర్‌కు సంబంధం లేని విషయంగా తోచినా, ఫలితాన్ని ఎక్కువగా నిర్ణయించేది అదే. గోనెపట్టా, ఎండుగడ్డి, మట్టి నేల రంగులు తాలు కాయ హ్యూకు చాలా దగ్గరగా ఉంటాయి. వాటి మీద పోసిన కాయల ఫొటోలో హ్యూ ఎంత శ్రద్ధగా లెక్కించినా నేల తాలుగా లెక్కకు వస్తుంది. అదే నీలి రంగు టార్పాలిన్ మీద పలుచగా పరిస్తే దాని పిక్సెల్, ఉదాహరణకు 40, 90, 180, 219 డిగ్రీల వద్ద కాయలన్నింటికీ దూరంగా ఉండి ఒక్క షరతుతో తొలగిపోతుంది. జేపెగ్ చిత్రాలలో రంగు సమాచారం సాధారణంగా వెలుగు సమాచారం కంటే తక్కువ వివరంగా దాచబడుతుంది కనుక కాయ అంచుల వద్ద టార్పాలిన్ నీలం, కాయ ఎరుపు కలిసిపోతాయి. కాయ చుట్టూ ఒకటి రెండు పిక్సెళ్ళ అంచును వదిలివేసి లోపలి భాగాన్నే లెక్కించడం మేలు.

ఇలా వచ్చిన శాతం కాయల ఉపరితల వైశాల్యానిది, బరువుది కాదు. పైగా ఫొటో పై పొరను మాత్రమే చూస్తుంది. బరువు శాతం కావాలంటే అదే రాశినుంచి కొన్ని నమూనాలను ఫొటో తీసిన వెంటనే చేతితో ఏరి, తాలును, ఎర్రకాయలను విడివిడిగా తూచి, రెండు శాతాల మధ్య సంబంధాన్ని ఆ రకానికి, ఆ తేమ స్థాయికి విడిగా నిర్ధారించుకోవాలి.